పత్రాహ్వానం: ఒక సదస్సు ప్రకటనను తిరిగి వ్రాసిన విధము

విద్వత్ సదస్సు జరుపదలచినవారు ముందుగా ఒక ప్రకటన వెలువరిస్తారు. సదస్సు ఏ విషయంపై జరుగుతున్నది, పత్రాలు ఏ రూపంలో పంపవలెను, వాటిని ఎవరు పరిశీలిస్తారు, ఏ తేదీన ఏది జరుగుతుంది అనే నాలుగు సంగతులను ఆ ప్రకటన తెలుపవలెను. దీనినే పత్రాహ్వానం అంటున్నాము. చూచుటకు ఒక పుట మించని వ్రాత. అయినను అందులోని ఒక్క మాట రెండర్థాల కిచ్చినచో దూరాన ఉన్న ఒక పరిశోధకునికి సంవత్సరపు శ్రమ వ్యర్థమగును. ఈ సంగతిని నేను పుస్తకాల వలన కాక స్వయంగా చేసిన తప్పు వలన నేర్చుకున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి జరిపిన ఒక సదస్సుకు నిర్వాహక సంఘంలో నేనొక సభ్యుడను. ప్రకటనకు తెలుగు పాఠం నేను వ్రాశాను. ఉర్దూ శాఖలోని మిత్రులొకరు దానిని ఉర్దూలోకి తెచ్చారు. పత్రాలు అక్టోబరు 5వ తేదీ "లోపల" పంపవలెనని నేను వ్రాశాను. అయిదవ తేదీ కూడ కలిసే ఉన్నదని నా ఉద్దేశం. మిత్రుడు ఆ మాటను "సే పహలే" అని అనువదించారు. ఆయన చేసినది తప్పు కాదు. లోపల అనగా ముందుగా అనే అర్థమూ ఉన్నది కదా. తత్ఫలితంగా ఒకే సదస్సుకు రెండు చివరి తేదీలు ఏర్పడినవి. తెలుగు చదివినవారికి అయిదు, ఉర్దూ చదివినవారికి నాలుగు.

సదస్సు నాడు ఒక పరిశోధక విద్యార్థిని శ్రోతగా వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. విరామ సమయంలో ఆమె తన సంచిలోనుండి కాగితాలు తీసి చూపినది. పాత రిజిస్ట్రేషను దస్తావేజులను చూచి సేకరించిన పదాల పట్టిక అది. "సార్, అయిదవ తారీఖు ఉదయం నాకు ప్రకటన కనబడింది. గడువు నిన్ననే అయిపోయిందనుకొని పంపలేదు" అన్నది. ఆ నాడు చదువబడిన పత్రాలలో అంతటి శ్రమతో కూడినవి రెండు మూడు కంటె ఎక్కువ లేవు. ఆమెకు నేను చెప్పగలిగిన సమాధానం ఏమీ లేకపోయినది.

అప్పటినుండి ఆ ప్రకటనను ఎదుట పెట్టుకొని, దానిని ఎట్లు వ్రాసి ఉండవలసినదో ఆలోచించుచు వచ్చాను. పాఠకుల సౌకర్యార్థం తేదీలను 2026, 2027 సంవత్సరాలకు మార్చి ఆ ప్రకటనను క్రింద ఇస్తున్నాను.

పాత ప్రకటన

"మా కళాశాల ఉర్దూ, తెలుగు శాఖల సంయుక్త ఆధ్వర్యమున 2027 జనవరి మాసములో తెలుగు–ఉర్దూ సంబంధములు అను విషయముపై రెండు దినముల జాతీయ సదస్సు జరుపబడును. భాష, సాహిత్యము, చరిత్ర, సంస్కృతి మొదలగు అంశములపై పరిశోధన పత్రములు ఆహ్వానింపబడుచున్నవి. పత్రములు నిర్ణీత రూపములో 05-10-2026 లోపల పంపవలెను. వచ్చిన పత్రములు నిపుణులచే పరిశీలింపబడి తగినవి ఎంపిక చేయబడును. ఎంపికైన పత్రములు గ్రంథరూపమున ప్రచురింపబడును. వివరములకు సంచాలకులను సంప్రదించగలరు."

ఇందులో వ్యాకరణ దోషం లేదు. మర్యాదకూ లోటు లేదు. ఇటువంటి ప్రకటనలు ఎన్నో చూచిన కన్నులకు ఇది సహజంగానే తోచును. కాని నాలుగు మాటలను పట్టి చూడండి: మొదలగు, నిర్ణీత, పరిశీలింపబడి, లోపల. విషయం, నియమాలు, పరిశీలన, తేదీ అనే నాలుగు సంగతులలో ఒక్కొక్క దానిని ఒక్కొక్క మాట మరుగుపరచుచున్నది. వ్రాసినవానికి ఇంకా తేలని సంగతి ఎక్కడ ఉన్నదో సరిగా అక్కడనే ఈ మాటలు వచ్చి కూర్చున్నవి. కనుక తిరిగి వ్రాయుట అనగా మాటలు మార్చుట మాత్రమే కాదు. నిర్వాహకులు తేల్చుకొనక విడిచిన సంగతులను ముందుగా తేల్చుకొనవలెను. ఒక్కొక్క మాటను వరుసగా చూతము.

"మొదలగు": విషయపు హద్దు

"భాష, సాహిత్యము, చరిత్ర, సంస్కృతి మొదలగు" అన్న తరువాత ఇక మిగిలినదేమి? కుతుబ్‌షాహీల కొలువులోని అమీన్‌ఖానుకు అంకితమైన యయాతి చరిత్రపై ఒకరు వ్రాయవచ్చును. గజళ్ళ అనువాదాలపై ఇంకొకరు, హైదరాబాదు వంటకాలపై మరొకరు వ్రాయవచ్చును. ఆ మూడూ ప్రకటనకు లోబడినవే. కాని ఆ ముగ్గురూ ఒక గదిలో కూర్చున్నప్పుడు ఒకరి పత్రంపై మరొకరు అడుగగల ప్రశ్న ఉండదు. పరిశీలకులకు కూడ ఒకదానిని మరొకదానితో పోల్చుటకు కొలబద్ద దొరకదు.

విషయం స్పష్టమైనదో లేదో తెలుసుకొనుటకు ఒక పరీక్ష ఉన్నది. ఆ ప్రకటన దేనిని వద్దంటున్నదో చెప్పగలమా అని ప్రశ్నించుకొనవలెను. ఏదీ వద్దనని విషయం విషయమే కాదు. హద్దు గీయుటకు స్థలం, కాలం, ఆధారం, ప్రశ్న అనే నాలుగు తోడ్పడును. ఎక్కడి సంగతి, ఎప్పటినుండి ఎప్పటివరకు, ఏ సామగ్రిని చూచి, ఏమి తెలుసుకొనుటకు అని వీటి భావం.

మా సదస్సుకు నిజంగా కావలసినది కచేరీ భాష. తెలంగాణ జిల్లాలలోని రెవెన్యూ, న్యాయస్థాన వ్యవహారాల తెలుగులో ఉర్దూ నుండియు, ఉర్దూ ద్వారా పారశీక, అరబ్బీ భాషలనుండియు వచ్చిన పదాలను చూడవలెనని మా కోరిక. అయితే కాలం ఏది? హైదరాబాదు రాజ్యంలో పారశీకానికి బదులు ఉర్దూ అధికార భాష అయినది 1884లో. ఆ రాజ్యంలోని తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినది 1956 నవంబరు 1న. ఈ రెండు సంవత్సరాలను హద్దులుగా పెట్టుకొనుటకు కారణం ఉన్నది, అడిగినవారికి చెప్పవచ్చును. ఇక ఆధారం: దస్తావేజులు, పహాణీలు, తీర్పులు, అర్జీలు. ప్రశ్న: ఆ పదాలు తెలుగులోకి వచ్చి అర్థంలో ఏ మార్పు పొందినవి? ఖరీదు అనే మాట ఉర్దూలో కొనుటను తెలుపును, తెలుగులో వెలను తెలుపును. ఇటువంటి ఉదాహరణ ఒక్కటి ప్రకటనలో ఉన్నచో ఎట్టి పత్రం కావలెనో చదివినవారికి వెంటనే స్ఫురించును.

హద్దు గీసిన తరువాత వెలుపల ఏమున్నదో కూడ వ్రాయవలెను. కావ్య విమర్శ, అనువాద కవిత్వం, కవుల జీవిత చరిత్రలు ఈ సదస్సుకు చెందవు అని ఒక్క వాక్యం చాలును. ఇది కఠినంగా వినిపించవచ్చును గాని నిజమునకు దయతో కూడినదే. మంచి విమర్శ వ్యాసం వ్రాసిన వ్యక్తి ఆరు వారాలు ఎదురుచూచి "మీ విషయం సరిపోదు" అనే జవాబు పొందుట కంటె, ముందే తెలుసుకొని మరొక చోటికి పంపుకొనుట మేలు.

"నిర్ణీత": పంపవలసిన రూపం

"నిర్ణీత రూపములో" అని వ్రాశాను. ఎవరు నిర్ణయించినది, ఎక్కడ వ్రాసి ఉన్నది అనునది ప్రకటనలో లేదు. మా సంఘంలోని వారమే దానిని తలకొక విధంగా ఊహించుకొన్నాము. అన్నిటికంటె పెద్ద చిక్కు పత్రం అనే మాటలోనే ఉన్నది. మేము కోరినది ఒక పుట సంగ్రహం. కొందరు ఇరువది పుటల పూర్తి వ్యాసం పంపారు. కొందరు శీర్షిక, పేరు మాత్రం పంపి, ఎంపికైన తరువాత వ్రాయవచ్చునని ఊరకున్నారు. ఈ రెండిటినీ ఒకే తక్కెడలో తూచుట ఎట్లు? కావున సంగ్రహం, పూర్తి పత్రం అనే రెండు మాటలను వేరు వేరుగా వాడి, ఒక్కొక్కటి ఎప్పుడు కావలెనో చెప్పవలెను. ఒకసారి సంగ్రహం అన్నదానిని మరొక చోట సారాంశం అనియు, ఇంకొక చోట వ్యాసం అనియు అనరాదు. కావ్యంలో పర్యాయపదాలు శోభనిచ్చును, ప్రకటనలో అవి సందేహాన్ని పెంచును.

తరువాతది పరిమాణం. మూడు వందల మాటలు అని అన్ని భాషలకూ ఒకే కొలత పెట్టుట న్యాయం కాదు. తెలుగులో విభక్తులు, క్రియారూపాలు పదాన్ని అంటుకొని ఉండును. "పంపవలసియున్నదని" అనేది మనకు ఒక్క మాట, ఉర్దూలో అది నాలుగైదు మాటలగును. అందుచేత తెలుగుకు 250, ఉర్దూ, ఇంగ్లీషులకు 350 అని వేరు కొలతలు పెట్టుట సబబు. ఉర్దూ టైపులో మాటల మధ్య ఖాళీ ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా ఉంచుదురు గనుక కంప్యూటరు చెప్పే లెక్క అంత నమ్మదగినది కాదు. పదోవంతు ఎక్కువైనను స్వీకరింతుమని వ్రాసినచో ఆ పేచీ ఉండదు.

అక్షరాల సంగతి ఇంకొకటి. తెలుగు వ్యాసం అను అక్షరాలలో టైపు చేసి పంపినచో, ఆ అక్షరాలు లేని కంప్యూటరులో అది అర్థం లేని గుర్తుల వరుసగా కనబడును. ఇన్‌పేజ్‌లో చేసిన ఉర్దూ ఫైలు ఆ సాధనం లేనిచోట తెరచుకొనదు. పంపినవారికి ఈ సంగతి తెలియదు, వారి తెరపై అంతా చక్కగానే ఉండును. కనుక యూనికోడ్ అక్షరాలలో టైపు చేసిన ఫైలును, దానితోపాటు దాని పీడీఎఫ్ ప్రతిని పంపుడని అడుగవలెను. ఒకదానిలో అక్షరాలు చెదరినను రెండవదానిని చూచి సరిచేసుకొనవచ్చును.

చివరిది, పంపినది చేరినదని తెలుపు జవాబు. మూడు రోజులలో రసీదు సంఖ్య రానిచో ఫలానా నంబరుకు ఫోను చేయుడని వ్రాయవలెను. అది లేనప్పుడు ఈమెయిలులో దారితప్పిన సంగ్రహానికి దిక్కెవ్వరు? పంపినవారు చేరినదనుకొందురు, నిర్వాహకులు రాలేదనుకొందురు. ఇద్దరికీ నిజం సదస్సు నాటికి గాని తెలియదు.

"పరిశీలింపబడి": తీర్పు చెప్పువారు ఎవరు

బడు అనే ధాతువు చేర్చిన క్రియలో కర్త కనబడనక్కరలేదు. "నిపుణులచే పరిశీలింపబడి తగినవి ఎంపిక చేయబడును" అన్నప్పుడు ఆ నిపుణులు ఎందరు, వారు రచయిత పేరు చూతురా, తగినది అనుటకు కొలత ఏమి, తిరస్కరించినచో కారణం చెప్పుదురా అనే ప్రశ్నలన్నీ ఆ వాక్యం వెనుక దాగి ఉన్నవి. వీటిని వెలికి తీయుటకు సులభమైన ఉపాయం, ప్రతి వాక్యంలోను కర్తను ముందు నిలుపుట. "ఇద్దరు పరిశీలకులు చదువుతారు" అని మొదలు పెట్టినచో, ఏ ఇద్దరు అని మనమే ఆలోచింపక తప్పదు.

మా సంఘం తరువాత తేల్చుకొన్న పద్ధతి ఇది. ప్రతి సంగ్రహాన్ని ఇద్దరు చదువవలెను, అందులో ఒకరైనను కళాశాలకు బయటివారు కావలెను. సంచాలకులు సంగ్రహానికి సంఖ్య వేసి, పేరున్న పుటను తీసివేసి పరిశీలకులకు పంపవలెను. ఫైలు పేరులోను, ఫైలు లక్షణాలలోను కూడ రచయిత పేరు నిలిచి ఉండును గనుక దానిని తొలగించు బాధ్యత సంచాలకులదే. పరిశీలకులు మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయవలెను. విషయపు హద్దులో ఉన్నదా? చూచిన ఆధారాలు ఏవో చెప్పినదా? కొత్తగా తేలిన సంగతి ఏమిటి? ఇద్దరి అభిప్రాయం కలియనప్పుడు మూడవవారు చదువవలెను. పరిశీలకుడు తన శిష్యుని సంగ్రహమని గుర్తించినచో దానిని తిరిగి ఇచ్చివేయవలెను.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. పాత దస్తావేజుల భాషపై పనిచేయువారు కొద్దిమందే. పేరు తీసివేసినను శైలిని బట్టి, చూచిన దఫ్తరాలను బట్టి ఫలానావారని ఊహించుట కష్టం కాదు. అందుచేత "ఎవరిదో ఎవరికీ తెలియదు" అని హామీ ఇవ్వరాదు. "పరిశీలకులకు పేర్లు పంపము" అనునది మాత్రమే మనం నిలుపుకొనగల మాట. ప్రకటనలో చేయగలిగినదే చెప్పవలెను.

ప్రచురణ వాక్యం కూడ ఇట్టిదే. "ఎంపికైన పత్రములు" అనగా సదస్సులో చదువుటకు ఎంపికైనవా, గ్రంథానికి మరల ఎంపికైనవా? చదివిన ప్రతివారు తమ వ్యాసం అచ్చగునని నమ్మి వెళ్ళారు. కొందరు దానిని మరొక పత్రికకు పంపక ఆపుకొన్నారు. ఈ రెండు ఎంపికలు వేరని స్పష్టంగా చెప్పి, గ్రంథంపై నిర్ణయం ఏ తేదీన తెలియునో వ్రాయవలెను.

"లోపల": తేదీలు

లోపల, లోగా, నాటికి, వరకు అనే మాటలలో ఏదైనను ఆ తేదీ కలిసినదా కాదా అనే సందేహానికి తావిచ్చును. పంపవలెను అనుట వేరు, చేరవలెను అనుట వేరు. 5వ తేదీన తపాలాలో వేసినది 8వ తేదీన చేరవచ్చును. "5వ తేదీ అర్ధరాత్రి" అనుటలో కూడ చిక్కు ఉన్నది. అది 4వ తేదీ గడచిన రాత్రియా, 5వ తేదీ గడచిన రాత్రియా? 05-10-2026 అని అంకెలలో వ్రాసినచో అమెరికాలోని తెలుగు పరిశోధకుడు దానిని మే 10 అని చదువును. అక్కడ నెల ముందు, తేదీ తరువాత వ్రాయుట వాడుక. జూలైలో ప్రకటన చూచినవాడు గడువు దాటినదని ప్రక్కన పెట్టును.

కావున నెల పేరు అక్షరాలలో, వారం పేరు, గడియారపు సమయం, ఏ దేశపు కాలమానం అనే నాలుగూ ఉండవలెను. "2026 అక్టోబరు 5, సోమవారం, రాత్రి 11 గంటల 59 నిమిషాలు, భారత కాలమానం. ఆ సమయానికి మాకు చేరినవి స్వీకరిస్తాము. 5వ తేదీ కూడ గడువులోనిదే." వారం పేరు అలంకారం కాదు, తప్పు పట్టుకొను సాధనం. తేదీకి, వారానికి పొత్తు కుదరనప్పుడు అచ్చుతప్పు పడినదని చదివినవారు వెంటనే గుర్తింతురు. కొన్ని అంతర్జాతీయ సదస్సులు "భూమిపై ఎక్కడైనను ఆ తేదీ ఉన్నంతవరకు" అనే గడువు పెట్టును. ఆ లెక్కన అక్టోబరు 5 గడువు మన గడియారంలో 6వ తేదీ సాయంత్రం 5 గంటల 29 నిమిషాలకు ముగియును. మన సదస్సుకు అది అవసరం లేదు. కాని ఏ గడియారమో చెప్పుట అవసరం.

తేదీలను ముందునుండి వెనుకకు కాక, సదస్సు రోజునుండి వెనుకకు లెక్కించవలెను. సదస్సు 2027 జనవరి 23, 24 తేదీలలో, శని, ఆదివారాలలో అనుకొందము. దూరప్రాంతంవారు 22న రైలు ఎక్కవలెను. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుండి 120 రోజులకు బదులు 60 రోజుల ముందు మొదలగుచున్నది. అనగా 22వ తేదీ టిక్కెట్టు నవంబరు 23న దొరుకును. ఎంపిక ఫలితం దానికి వారం ముందు, నవంబరు 16 సోమవారం నాటికి రావలెను. పరిశీలనకు ఎన్ని రోజులు కావలెను? 60 సంగ్రహాలు వచ్చుననుకొన్నచో ఇద్దరి చొప్పున 120 పఠనాలు. పరిశీలకులు ఎనిమిదిమంది అయినచో ఒక్కొక్కరికి 15. పని పెద్దది కాదు, కాని నడుమ దసరా, దీపావళి వచ్చుచున్నవి. మూడవ పఠనానికి కూడ వ్యవధి కలిపి ఆరు వారాలు ఇచ్చినచో సంగ్రహాల గడువు అక్టోబరు 5 అగును. ఆ విధంగా గడువు తేదీకి ఒక కారణం ఏర్పడినది. కారణం తెలిసిన నిర్వాహకుడు గడువును ఊరక పొడిగింపడు. పొడిగించినచో పరిశీలన కాలం తగ్గునని, లేనిచో రైలు టిక్కెట్టు గడచునని అతనికి తెలియును.

మన కళాశాలల వంటి చోట మరొక జాగ్రత్త కూడ ఉన్నది. సదస్సును ఫిబ్రవరికి జరుపుదమని ఒకరన్నారు. 2027లో రంజాన్ నెల ఫిబ్రవరి రెండవ వారంలో మొదలగునని క్యాలెండరు చూచినవారు చెప్పిన తరువాత గాని జనవరి ఖాయం కాలేదు. ప్రకటన అచ్చైన తరువాత తేదీ మార్చుట కంటె ముందు క్యాలెండరు తిప్పుట సులభం.

తిరిగి వ్రాసిన ప్రకటన

ఇంతవరకు తేల్చుకొన్న సంగతులను చేర్చి వ్రాయగా ప్రకటన ఇట్లు ఏర్పడినది.

"సదస్సు: తెలంగాణ జిల్లాల కచేరీ తెలుగులో ఉర్దూ మాటలు, 1884–1956. 2027 జనవరి 23 శనివారం, 24 ఆదివారం.

విషయం: ఈ కాలపు దస్తావేజులు, పహాణీలు, తీర్పులు, అర్జీలలో ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన పదాలు, వాటి అర్థంలో కలిగిన మార్పులు. ఉదాహరణకు ఖరీదు అనే మాట ఉర్దూలో కొనుటను, తెలుగులో వెలను తెలుపుతుంది. కావ్య విమర్శ, అనువాద కవిత్వం, కవుల జీవిత చరిత్రలు ఈ సదస్సుకు చెందవు.

పంపవలసినది: ఇప్పుడు సంగ్రహం మాత్రమే. తెలుగులో 250 మాటలు, ఉర్దూ లేక ఇంగ్లీషులో 350 మాటలు. పదోవంతు ఎక్కువైనా స్వీకరిస్తాము. మీరు చూచిన ఆధారాలు ఏవో, ఎక్కడ ఉన్నవో అందులో చెప్పండి. యూనికోడ్ ఫైలు ఒకటి, దాని పీడీఎఫ్ ప్రతి ఒకటి పంపండి. పేరు, చిరునామా వేరే పుటలో వ్రాయండి. మూడు రోజులలో మీకు రసీదు సంఖ్య వస్తుంది. రానిచో సంచాలకులకు ఫోను చేయండి.

పరిశీలన: ఇద్దరు పరిశీలకులు ప్రతి సంగ్రహాన్ని చదువుతారు. వారిలో ఒకరైనా మా కళాశాలకు బయటివారు. వారికి రచయితల పేర్లు పంపము. విషయపు హద్దు, ఆధారాలు, కొత్తగా తేలిన సంగతి అనే మూడింటిని చూస్తారు. వారి అభిప్రాయం కలియనప్పుడు మూడవవారు చదువుతారు. మా అధ్యాపకుల సంగ్రహాలకూ ఇదే పద్ధతి. 24 పత్రాలకు మించి ఎంపిక చేయము. ఎంపిక కానివారికి కూడ పరిశీలకుల అభిప్రాయాలు పంపుతాము.

తేదీలు: సంగ్రహం మాకు చేరవలసినది 2026 అక్టోబరు 5, సోమవారం, రాత్రి 11 గంటల 59 నిమిషాలకు, భారత కాలమానం. 5వ తేదీ గడువులోనిదే. ఎంపిక ఫలితం నవంబరు 16, సోమవారం. మీరు వచ్చునదీ రానిదీ తెలుపవలసినది డిసెంబరు 7, సోమవారం. పూర్తి పత్రం చేరవలసినది 2027 జనవరి 4, సోమవారం. ఈ రెండు గడువులకు కూడ అదే సమయం వర్తిస్తుంది. గడువు పొడిగించము.

ఖర్చు: పత్రం చదివేవారికి ప్రవేశ రుసుము లేదు. భోజనం, వసతి మేము ఏర్పాటు చేస్తాము. ప్రయాణ ఖర్చు మీదే.

ప్రచురణ: సదస్సుకు ఎంపిక అగుట గ్రంథానికి ఎంపిక అగుట కాదు. గ్రంథం కొరకు పూర్తి పత్రాలను మరల పరిశీలించి, 2027 మార్చి 31, బుధవారం నాటికి నిర్ణయం తెలుపుతాము."

ఇది పాత దానికంటె చాల పొడవైనది. పొడవును చూచి జంకనక్కరలేదు. పాత ప్రకటన పొట్టిగా ఉన్నందున మిగిలిన భాగం ఫోనులోను, ఉత్తరాలలోను, తలకొక విధంగా చెప్పవలసి వచ్చినది. అడిగినవారికి తెలిసినది, మొగమాటంతో అడుగనివారికి తెలియలేదు.

అచ్చుకు పంపుటకు ముందు

ఇంకొక పని మిగిలి ఉన్నది. వ్రాసినవానికి తన వాక్యంలోని రెండవ అర్థం కనబడదు. కనుక సంఘంలో లేనివారిని ముగ్గురిని ఎన్నుకొనవలెను. ఒక విద్యార్థి, ఉర్దూ పాఠాన్ని మాత్రమే చదివే ఒకరు, మరొక ఊరి ఉపాధ్యాయుడు ఒకరు. ప్రకటన వారి చేతికిచ్చి, మనం ఏమీ వివరింపక, అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాయుమని కోరవలెను. నేను ఇప్పుడు ఏమి పంపవలెను? చివరి ఘడియ ఏది? దానిని ఎవరు చదువుదురు? నాకు ఎప్పుడు తెలియును? నాకు ఎంత ఖర్చగును? ముగ్గురి జవాబులు కలిసినచో ప్రకటన సిద్ధమైనట్లే. ఒక్కటి కలియకున్నను ఆ చదువరికి నచ్చజెప్ప పూనుకొనరాదు, ఆ వాక్యాన్ని మార్చవలెను. అచ్చైన కాగితం వెంట మనం వెళ్ళి నచ్చజెప్పలేము కదా.

రెండు భాషల పాఠాలకు ఈ పరీక్ష మరింత అవసరం. తెలుగు పాఠాన్ని చూచి ఉర్దూ పాఠం సరియైనదని తేల్చరాదు. ఉర్దూ మాత్రమే చదివిన వ్యక్తి చెప్పిన తేదీ, తెలుగు మాత్రమే చదివిన వ్యక్తి చెప్పిన తేదీ ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెను. ఆ నాడు మేము ఈ పని చేసి ఉన్నచో పావుగంటలో మా తప్పు బయటపడి ఉండును. ఆ విద్యార్థిని వెనుక వరుసలో శ్రోతగా కాక, వేదికపై తన పదాల పట్టికతో నిలిచి ఉండెడిది.